క్యాన్ మీద పేరు ఒకరిది, లోపలి నీళ్లు ఇంకొకరివి

ఎండలు మొదలయ్యాయంటే బెజవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో వాటర్ క్యాన్ గొడవ మళ్లీ పైకొస్తుంది. ఈసారీ వచ్చింది. ఒకాయన 20 లీటర్ల క్యాన్ ఫొటో పెట్టి, ఐఎస్ఐ గుర్తు లేదు కాబట్టి ఇవి దొంగ నీళ్లన్నారు. క్యాన్లు వేసే మనిషి, ఐఎస్ఐ తీసేశారండీ, ఇప్పుడు అక్కర్లేదు అని జవాబిచ్చాడు. ఆ తర్వాత గ్రూపు మొత్తం రెండు ముక్కలైంది. నిజానికి ఇద్దరూ చెప్పింది సగం సగం నిజమే. ఆ రెండు సగాలు ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే 2024 అక్టోబరు దగ్గరికి వెళ్లాలి. బాటిల్ నీళ్లు మనకు ఎలా అలవాటయ్యాయన్న పాత కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం.

2024 అక్టోబరు 17న కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పటిదాకా ఆహార భద్రత నిబంధనల్లో ఒక వాక్యం ఉండేది. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ ముద్ర లేకుండా ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ ఎవరూ తయారు చేయకూడదు, అమ్మకూడదు అని దాని సారాంశం. మినరల్ వాటర్‌కూ అలాంటిదే ఇంకో వాక్యం ఉండేది. ఆ రెండింటినీ తీసేశారు. 2001 మార్చి 29 నుంచి తప్పనిసరిగా ఉన్న ఐఎస్ఐ గుర్తు ఆ రోజుతో కంపెనీ ఇష్టానికి వచ్చింది. ఇరవై మూడేళ్లుగా గుర్తు చూసి కొనండి అని చెప్పించుకున్న జనానికి ఈ మార్పు గురించి పెద్దగా ఎవరూ చెప్పలేదు. క్యాన్ల వ్యాపారులకు మాత్రం వారం తిరక్కుండానే తెలిసిపోయింది.

ప్లాంట్ల యజమానుల మాట ఇది. ఒకే నీటికి రెండు సంస్థల దగ్గర అనుమతులు, రెండు చోట్ల ఫీజులు, రెండు రకాల తనిఖీలు ఎందుకు? ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ ఉంటే చాలదా? ఇందులో న్యాయం లేకపోలేదు.

అయితే ఐఎస్ఐ గుర్తు వెనక ఏముండేదో కూడా చూడాలి. ఆ లైసెన్స్ కావాలంటే ప్లాంటులోనే ల్యాబ్ ఉండాలి, నీటిని అక్కడే క్రమం తప్పకుండా పరీక్షించాలి. బీఐఎస్ వాళ్లు బజారు నుంచి కూడా శాంపిళ్లు తీసుకునేవారు. ఐఎస్ 14543 ప్రమాణం ప్రకారం 250 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. మామూలు సూక్ష్మజీవులను లెక్కపెట్టే పరీక్షల్లో ఒకటి 20 నుంచి 22 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచి చూసేది. అంటే మూడు రోజులు గడవనిదే ఆ ఫలితం చేతికి రాదు. మన వీధిలోకి వచ్చే ఆటోవాడు పొద్దున్నే నింపిన ఫ్రెష్ వాటర్ అని గర్వంగా చెబుతాడే, ఆ క్యాన్‌లోని నీళ్లకు ఈ ఫలితం ఇంకా వచ్చి ఉండదు. క్యాన్ ఎంత ఫ్రెష్‌గా ఉంటే దాని గురించి ప్లాంటుకే అంత తక్కువ తెలుసన్నమాట. టీడీఎస్ మీటర్ ముంచి చూపించడం కూడా ఇలాంటిదే. అది నీటిలో కరిగిన లవణాల సంగతి చెబుతుంది కానీ బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పదు.

గుర్తు ఉన్నంత మాత్రాన అంతా సవ్యమని కాదు. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, ఢిల్లీ, ముంబై బజార్లలోని పేరున్న బ్రాండ్ల బాటిళ్లను పరీక్షిస్తే చాలావాటిలో పురుగుమందుల అవశేషాలు దొరికాయి. గుర్తు తప్పనిసరై అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ రోజుల్లో నిబంధన పురుగుమందులు కనిపించకూడదని మాత్రమే చెప్పేది. మొరటు పరికరంతో వెతికితే ఏమీ కనిపించదు కదా, పాసైపోయేవి. ఆ రగడ తర్వాతే ఒక్కో పురుగుమందుకు లీటరుకు 0.0001 మిల్లీగ్రాములన్న అంకె పెట్టారు. గుర్తు విలువ దాని వెనక జరిగే పరీక్షను బట్టే ఉంటుంది. 2024లో తీసేసింది బొమ్మ ఒక్కటే కాదు, ఆ పరీక్షల బలవంతం కూడా. దానికి బదులుగా అదే ఏడాది నవంబరు 29న ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ నీళ్లను హై రిస్క్ ఆహారాల జాబితాలో చేర్చింది. లైసెన్స్ ఇచ్చే ముందు తనిఖీ, ఆ తర్వాత ఏటా బయటి సంస్థతో ఆడిట్ అన్నారు.

ఇదంతా కాగితం మీది సంగతి. క్యాన్ దగ్గరికొస్తే అసలు చిక్కు ఇంకొకటుంది, దాన్ని గుంటూరులో మా అక్క వాళ్లింట్లో చూశాను. బ్రాడీపేటలో ఉంటారు. వంటింటి గట్టు పక్కన పెట్టిన క్యాన్ మీద సగం చిరిగిన లేబుల్, దాని మీద ఐఎస్ఐ గుర్తు, పైన ఐఎస్ 14543, కింద CM/L అని లైసెన్స్ నంబరు. పక్కనే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. చూస్తే అన్నీ ఉన్నట్టే. ఆ CM/L నంబరును ఫోన్‌లో BIS CARE యాప్‌లో కొట్టాను, విజయవాడ ప్లాంటు పేరు వచ్చింది. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 101తో మొదలైంది. మొదటి 1 అంటే లైసెన్స్, 2 ఉంటే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తర్వాతి 01 ఆంధ్రప్రదేశ్, ఆ పక్క రెండంకెలు లైసెన్స్ ఇచ్చిన సంవత్సరం. ఇక్కడే నింపిన క్యాన్ మీద నంబరు 136తో మొదలైతే అది తెలంగాణలో ఇచ్చినదని గుర్తు. foscos.fssai.gov.in లో వెతికితే ఆ నంబరూ అదే విజయవాడ ప్లాంటుదని తేలింది.

రెండు నంబర్లూ నిజమైనవే. కానీ అక్కకు క్యాన్లు వేసేది గుంటూరు ప్లాంటు.

లేబుల్ మీదున్న ఫోన్ నంబరుకు చేశాను. మేం గుంటూరుకు సప్లై చేయం సార్, మా క్యాన్ ఎవరి దగ్గరో మారి అటు వెళ్లుంటుంది అన్నారు. అప్పుడర్థమైంది. 20 లీటర్ల క్యాన్ చేతులు మారుతూనే ఉంటుంది. ఖాళీది ఇచ్చి నిండుది తీసుకుంటాం, డిపాజిట్ కట్టాక ఎవరి క్యాన్ ఎవరిదో పట్టించుకోం. పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో నాలుగు ప్లాంట్ల క్యాన్లు కలిసిపోతాయి. కాబట్టి క్యాన్ ఒంటి మీదున్న అచ్చు ఆ ప్లాస్టిక్ ఒకప్పుడు ఎవరిదో చెబుతుంది, అంతే. నీళ్లు ఎవరివో చెప్పాల్సింది మూత, మూత మీది సీలు, ఆ రోజు నింపినట్టు వేసిన తేదీ, బ్యాచ్ నంబరు. ఇవి మాత్రమే నింపిన ప్రతిసారీ కొత్తగా వేస్తారు.

అక్క వాళ్ల క్యాన్ మూత మీద పల్చటి ష్రింక్ కవరు ఉంది. దాని మీద నీటి చుక్క బొమ్మ, ప్యూర్ అని ఇంగ్లిష్ మాట. కంపెనీ పేరు లేదు, తేదీ లేదు. వేలితో తిప్పితే కవరు మూత చుట్టూ గుండ్రంగా తిరిగింది. వేడి గాలితో సరిగ్గా బిగించిన కవరు అలా తిరగదు, చింపితేనే వస్తుంది. కింద మూతకు పక్కన లాగే పట్టీ ఉండాల్సిన చోట తెగిన అంచు తెల్లగా కనిపించింది. అంటే అది ఒకసారి తీసిన మూత. దాన్నే మళ్లీ అరచేత్తో నొక్కి, పైన కవరు తొడిగారు. క్యాన్‌ను పక్కకు వంచితే మూత అంచు నుంచి నీటి చుక్కలు కారాయి. దీనంతటికీ అర నిమిషం కూడా పట్టలేదు. లీటరు బాటిల్ విషయంలో ఇంకా సులువు. మూత తిప్పగానే కింది రింగు దగ్గర చిటపటమని తెగాలి, రింగు మెడకే ఉండిపోవాలి. చప్పుడు లేకుండా తిరిగితే బస్టాండ్‌లో అయినా సరే వెనక్కిచ్చేయడమే.

మర్నాడు క్యాన్ వేసే అబ్బాయి వస్తే అక్క అడిగింది.

"ఏం బాబూ, సీలు మీద పేరేది?"

"అన్నీ ఒకటే నీళ్లు ఆంటీ. పేరున్న కవరు రోల్ వేయిస్తే ఖర్చని మా ఓనరు వద్దంటున్నాడు."

ఈ క్యాన్ల మీద ఇంతగా ఆధారపడడానికి గుంటూరుకు కారణం ఉంది. 2018 మార్చిలో పాతగుంటూరు ప్రాంతంలో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలి జనం చనిపోయారు. కార్పొరేషన్ నీళ్ల మీద నమ్మకం ఒకసారి పోయాక తిరిగి రావడం కష్టం. అంతకు మూడున్నరేళ్ల ముందు, 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి కింద రెండు రూపాయలకు 20 లీటర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. క్యాన్ పట్టుకెళ్లి ప్లాంటులో నీళ్లు పట్టుకోవడం అప్పటికే అందరికీ అలవాటు. అలా మనం తెచ్చిన క్యాన్‌లో పట్టిచ్చే నీళ్లు ప్యాకేజ్డ్ వాటర్ లెక్కలోకి రావు, అవి విడి నీళ్లు. వాటికి సీలూ లేబులూ అడిగేవాళ్లు లేరు. ఆ విడి నీళ్ల మీదే ఒక కవరు తొడిగి ప్యాకేజ్డ్ అని అమ్మడంతోనే ఇవాళ్టి గొడవ పుట్టింది. ఇందులో ఐఎస్ఐ ఉందా లేదా అన్న ప్రశ్నకు నాకైతే రెండో స్థానమే.

ఇక నీళ్లు ఎక్కడివి అన్న సంగతి. మన దగ్గర క్యాన్ అనగానే మినరల్ వాటర్ అంటాం. ఆ పేరు నిజంగా వర్తించేది ఐఎస్ 13428 కింద వచ్చే సహజ మినరల్ వాటర్‌కే. దాని లేబుల్ మీద ఊట ఎక్కడిదో పేరుతో సహా రాయాలి. మనకు వచ్చేవి ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్. ఇవి బోరువి కావచ్చు, కాలువవి కావచ్చు, శుద్ధి చేశాక ప్రమాణం అందుకుంటే చాలు. కాబట్టి లేబుల్ మీద మినరల్ వాటర్ అని ఉండి ఊట పేరు లేకపోతే రాతలోనే తేడా ఉందన్నమాట. మామూలు క్యాన్ మీద వెతకాల్సింది ప్లాంటు చిరునామా. డోర్ నంబరు, ఊరు లేకుండా ఫోన్ నంబరొక్కటే ఉంటే రేపు ఫిర్యాదు చేయాలన్నా ఎక్కడికని వెళ్తాం?

ఆ వారమంతా అక్క తక్కెళ్లపాడు నుంచి వచ్చే కుళాయి నీళ్లే కాచి చల్లార్చి వాడింది. తర్వాత వేరే ప్లాంటు మాట్లాడుకుంది. ఐఎస్ఐ గుర్తు దీని మీద లేదు. కానీ మూత పట్టీ తెగకుండా వస్తుంది, కవరు మీద ప్లాంటు పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, నింపిన తేదీ అచ్చు వేసి ఉంటాయి. మొదటి క్యాన్ వచ్చినరోజు తేదీ చూసి నాకు ఫోన్ చేసింది, నాలుగు రోజుల కిందట నింపినవట, పాతవి అంటగట్టారని బావగారి గొణుగుడు.