సర్వీసు వ్యాపారానికి కేస్ స్టడీ: ఒక రైస్ మిల్లు లెక్కతో కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉంటూ చిన్న సర్వీసు వ్యాపారాలకు కేస్ స్టడీలు రాసిపెట్టడం నా పని. మోటార్లు రీవైండింగ్ చేసేవాళ్లు, ఏసీలు చూసేవాళ్లు, సీసీ కెమెరాలు బిగించేవాళ్లు వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే, సమస్య, మనం చేసిన పని, అంకెలు, ఫలితం పెట్టి ఒక పేజీ రాసివ్వమని. ఆ నాలుగింటిలో ఎక్కువ తప్పులు జరిగేది అంకెల దగ్గరే. అందుకే ఈ పోస్టులో ఒక్క కేసునే మొదటి నుంచి చివరి వరకు చెబుతాను. శ్రీకాకుళంలో మోటార్లు, బెల్టులు, బేరింగులు చూసే ఒక సర్వీసు వాళ్లు ఆమదాలవలస వైపు ఒక రైస్ మిల్లుతో ఏడాది కాంట్రాక్టు చేసుకున్నారు. సీజన్ అయ్యాక నన్ను పిలిచారు. మిల్లును ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు కొంచెం మార్చాను, లెక్క చేసిన తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే.

అపోహ: సమస్య అంటే మనం రిపేరు చేసిన వస్తువు.

సర్వీసు వాళ్లు నాకు రాసిచ్చిన మొదటి వాక్యం ఇది: "మిల్లులో బేరింగులు తరచూ పాడవుతున్నాయి, మోటార్లు వేడెక్కుతున్నాయి." తప్పేమీ కాదు, కానీ అది మెకానిక్‌కి కనిపించే సమస్య. మిల్లు ఆయన్ని కలిసి మీ బాధ ఏమిటని అడిగితే ఆయన బేరింగు మాటే ఎత్తలేదు. "మోటారు కాలితే కాలింది గానీ బాబూ, ధాన్యం లారీ గేటు కాడ నిలబడిపోతే ఎవులికి సమాధానం సెప్పాల?" అన్నారు.

సమస్య అదీ. కేస్ స్టడీ చదివేది ఇంకో మిల్లు యజమాని, మెకానిక్ కాదు. లారీ నిలబడిపోయిందని చదివితే తన గేటు గుర్తొస్తుంది. ఇంకో సంగతి, సమస్య ఎలా రాస్తామో దాన్నిబట్టే ఏ అంకె కొలవాలో తేలుతుంది. బేరింగులు సమస్య అయితే ఎన్ని బేరింగులు మార్చామో లెక్కపెడతాం. లారీలు సమస్య అయితే మిల్లు ఎన్ని గంటలు ఆగిందో లెక్కపెట్టాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కూడా వెళ్లొచ్చు, ఎందుకంటే పాడవకముందే మారిస్తే బేరింగుల ఖర్చు పెరుగుతుంది, ఆగిన గంటలు తగ్గుతాయి.

అపోహ: ముందు సంవత్సరం లెక్కలు ఎవరూ రాసుకోలేదు, కాబట్టి అంకెలు కుదరవు.

కుదురుతాయి, వెతకాలి. ఈ మిల్లులో గుమాస్తా రోజూ ఒక నోటు పుస్తకంలో మిల్లు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు అని రాసేవాడు. అది కాక సర్వీసు వాళ్ల బిల్లుల మీద తేదీలున్నాయి, ఫోన్‌లో "అర్జెంటుగా రండి" అన్న మెసేజీలున్నాయి. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూశాం. నోటు పుస్తకంలో ముందు సీజన్‌లో 18 ఆగుళ్లు ఉన్నాయి, బిల్లులు మాత్రం 15. మిగతా 3 సార్లు మిల్లు ఫిట్టరే చేసేసుకున్నాడు. బిల్లులు మాత్రమే చూసి రాసి ఉంటే "ముందు" లెక్క తక్కువ పడేది.

కాంట్రాక్టు తర్వాత ఇది తిరగబడుతుంది. నెలకింత అని కట్టాక చిన్న శబ్దం వచ్చినా ఫోన్ చేస్తారు, అదీ రికార్డులోకి ఎక్కుతుంది. అందుకే ముందుకీ తర్వాతకీ ఒకే కొలత పెట్టుకోవాలి. మేం పెట్టుకున్నది ఇది: యంత్రం తప్పు వల్ల మిల్లు లైను అరగంట కంటే ఎక్కువ ఆగితేనే ఒక ఆగుడు. కరెంటు పోయి ఆగినవి రెండు సీజన్లలోనూ తీసేశాం. ఈ వాక్యం కేస్ స్టడీలో కూడా ఉండాలి. లేకపోతే కింద వచ్చే ఏ అంకెకీ అర్థం ఉండదు.

అపోహ: ముందు ఇంత, తర్వాత ఇంత అని రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు.

ఇక్కడే ఎక్కువసేపు కూర్చున్నాం. సర్వీసు వాళ్లకు మొదట వచ్చిన ఆలోచన, కాంట్రాక్టుకు ముందు నాలుగు నెలలు, తర్వాత నాలుగు నెలలు పోల్చేద్దామని. కాంట్రాక్టు మొదలైంది ఏప్రిల్‌లో. మన దగ్గర ఖరీఫ్ ధాన్యం కళ్లాల నుంచి వచ్చాక డిసెంబర్ నుంచి మార్చి దాకా మిల్లులు ఊపిరాడకుండా నడుస్తాయి, ఆ తర్వాత పని పలచబడుతుంది. డిసెంబర్-మార్చిని ఏప్రిల్-జులైతో పోల్చితే ఎవరూ ఏమీ చేయకపోయినా ఆగుళ్లు తగ్గినట్టే కనిపిస్తాయి. అందుకని తర్వాతి డిసెంబర్-మార్చి అయ్యేదాకా ఆగమన్నాను. కేస్ స్టడీ ఎనిమిది నెలలు ఆలస్యమైంది, వాళ్లకు కోపం కూడా వచ్చింది.

సీజన్ అయ్యాక చేతికొచ్చిన లెక్క ఇది. ముందు సీజన్‌లో మిల్లు 1,200 గంటలు నడిచింది, 18 సార్లు ఆగింది, మొత్తం 63 గంటలు పోయాయి. తర్వాతి సీజన్‌లో 1,500 గంటలు నడిచింది, 11 సార్లు ఆగింది, 24 గంటలు పోయాయి.

63 నుంచి 24 అంటే 62 శాతం తగ్గింది. కానీ రెండో సీజన్‌లో మిల్లు ఎక్కువ నడిచింది కదా, ఎక్కువ నడిస్తే ఎక్కువ ఆగాలి. అందుకని నడిచిన ప్రతి 100 గంటలకు లెక్కకట్టాం. ముందు 5.25 గంటలు, తర్వాత 1.6 గంటలు. అంటే దాదాపు 70 శాతం తగ్గినట్టు. సర్వీసు వాళ్ల ముఖం వెలిగిపోయింది, ఇదే పెట్టేద్దాం అన్నారు.

నోటు పుస్తకం మళ్లీ తిరగేస్తే ఇంకో విషయం బయటపడింది. ముందు సీజన్‌లోని 18 ఆగుళ్లలో 4, గంటల్లో చెప్పాలంటే 17 గంటలు, ఒక్క పాలిషర్ మోటారు వల్లే. ఆ పాత మోటారును మిల్లు ఆయన ఖాళీ నెలల్లో తన డబ్బుతో తీసేసి కొత్తది పెట్టించారు. కొత్త మోటారు ఆ సీజన్ మొత్తంలో ఒక్కసారీ ఆగలేదు. ఆ మేలు ఆయన కొన్న మోటారుది, మన సర్వీసుది కాదు. ఆ 17 గంటలు తీసేస్తే ముందు సీజన్‌కు మిగిలింది 46 గంటలు, అంటే ప్రతి 100 గంటలకు 3.8. అక్కడి నుంచి 1.6కి వచ్చింది. 58 శాతం.

ఒకే నోటు పుస్తకం, మూడు అంకెలు: 62, 70, 58. మేం 58 రాశాం, పాలిషర్ మోటారు సంగతి కూడా దాని పక్కనే రాశాం. ఆ చుట్టుపక్కల మిల్లుల వాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఆ మోటారు మారిన సంగతి వాళ్లకు తెలుసు. 70 అని రాసి ఉంటే మొదట చదివినవాడే "కొత్త మోటారు పెట్టారుగా" అనేవాడు, ఆ తర్వాత నిజమైన 58ని కూడా ఎవరూ నమ్మరు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. సర్వీసు కాంట్రాక్టు ఎప్పుడు ఇస్తారు? ఒక సీజన్ బాగా చెడ్డగా గడిచాక. అంత చెడ్డ సీజన్ తర్వాత వచ్చేది మామూలుగానే కొంచెం మెరుగ్గా ఉంటుంది, ఆ మెరుగు మన లెక్కలో కలిసిపోతుంది. అందుకే అంతకుముందు సీజన్ పుస్తకం కూడా అడిగాను. అదృష్టం, అటక మీద దొరికింది. అందులో ఆ పాత మోటారు ఆగుళ్లు తీసేస్తే ప్రతి 100 గంటలకు 4.1 వచ్చింది. 4.1, 3.8, ఆ తర్వాత 1.6. ఇప్పుడు "ముందు" అంకె ఏదో ఒక చెడ్డ ఏడాది అంకె కాదని చెప్పొచ్చు. అయినా ఇది ఒక్క మిల్లు, కాంట్రాక్టు తర్వాత ఒక్క సీజన్. ఆ మాట కూడా రాశాం, ఏ మిల్లుకైనా 58 శాతం తగ్గిస్తామని ఎక్కడా రాయలేదు.

అపోహ: చేసిన పని మొత్తం రాస్తే పోటీవాళ్లు కాపీ కొడతారు.

"సమగ్ర నిర్వహణ విధానం అమలు చేశాం" అని రాస్తే కాపీ కొట్టడానికేమీ ఉండదు నిజమే, నమ్మడానికీ ఏమీ ఉండదు. వీళ్లు చేసింది చెబితే రెండు నిమిషాల పని: వారానికి ఒకసారి వచ్చి ప్రతి బేరింగు వేడి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచి రాయడం, పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూడటం, ఎక్కువగా పోయే సైజుల బేరింగులు, బెల్టులు మిల్లులోనే ఒక పెట్టెలో ఉంచడం. ఆ పెట్టె విలువ అంకెల్లో కనిపిస్తుంది. ముందు ఒక్కో ఆగుడు సగటున మూడున్నర గంటలు ఉండేది, తర్వాత రెండు గంటల పైచిలుకు. సామాను కోసం శ్రీకాకుళం వెళ్లి రావడం తప్పిపోయింది. తెలిసినా వారం వారం వెళ్లి చేసేవాళ్లు తక్కువ, కాబట్టి రాయడానికి భయపడక్కర్లేదు.

అపోహ: మన తప్పులు రాస్తే పరువు పోతుంది.

రెండో సీజన్‌లోని ఆ 11 ఆగుళ్లలో 2 సర్వీసు వాళ్ల చేతి తప్పే. ఆ సీజన్ మొదటి నెలలో కొత్త కుర్రాడు ఎలివేటర్ బేరింగులకు గ్రీజు దట్టించేశాడు. గ్రీజు పెట్టాక కాసేపు వేడి పెరగడం మామూలే, కొన్ని గంటల్లో దిగాలి. ఇక్కడ మర్నాటికి కూడా దిగలేదు, గ్రీజు ఎక్కువైందని దాన్నిబట్టే తెలిసింది. అప్పటికే ఒకటి పోయింది. ఇంకోచోట బెల్టు అతిగా బిగించడంతో బేరింగు మీద బరువు పడింది. ఆ తర్వాత గ్రీజు ఎన్ని పంపులు కొట్టాలో ప్రతి బేరింగు దగ్గరా పెయింట్‌తో రాసిపెట్టారు.

దీన్ని తీసేయమని సర్వీసు ఓనర్ గట్టిగా పట్టుబట్టాడు, నేనూ అంతే గట్టిగా వద్దన్నాను, చివరికి ఉంచాం. కేస్ స్టడీ చూసి ఫోన్ చేసిన మొదటి మిల్లు ఆయన అడిగింది 58 శాతం గురించి కాదు. "ఆ పంపుల లెక్క మా మిల్లులో కూడా రాస్తారా?" అని అడిగాడు.

అపోహ: రూపాయల్లో చెప్పకపోతే ఎవరికీ ఎక్కదు.

రూపాయలు చెప్పొచ్చు, కానీ ఆగిన ప్రతి గంటకూ మిల్లు ఆడే బియ్యం ధర కట్టేసి లక్షలు ఆదా అని రాయడం తప్పు. ఆగిన గంటల్లో ఆడాల్సిన ధాన్యం ఎక్కడికీ పోదు, రాత్రి ఇంకో రెండు గంటలు నడిపి పూర్తి చేస్తారు. నిజంగా పోయేది లారీ వెయిటింగ్, ఖాళీగా కూర్చున్న కళాసీలకు ఇచ్చే కూలి, రాత్రి డ్యూటీ ఖర్చు. వీటికి చీటీలు ఉంటే కూడి రాయాలి. ఈ మిల్లులో లారీ వెయిటింగ్‌కు మాత్రమే చీటీలున్నాయి, అందుకని అదొక్కటే రాసి, మిగతాది గంటల్లోనే వదిలేశాం.

అపోహ: కస్టమర్ సరే అన్నాడుగా, వేసేయొచ్చు.

నోటితో సరే అనడం వేరు, రాసింది చదివి సరే అనడం వేరు. రాతప్రతి మొత్తం ప్రింటు తీసి మిల్లు ఆయనకు ఇచ్చాం. పేరు వేసుకోండి, ఫోటో వేసుకోండి అన్నారు, ఆగుళ్ల గురించి కూడా అభ్యంతరం లేదు. ఒక్కచోట మాత్రం పెన్నుతో గీత కొట్టారు, మిల్లు మొత్తం ఎన్ని గంటలు నడిచిందన్న దగ్గర. అది తెలిస్తే ఎంత ధాన్యం ఆడారో పక్కవాళ్లు లెక్క కట్టేస్తారని. మాకు కావలసింది ప్రతి 100 గంటలకు పోయిన గంటలు కాబట్టి మొత్తం గంటలు తీసేసినా 3.8 నుంచి 1.6 అన్న లెక్క చెక్కు చెదరలేదు. ఆ పేజీ అలాగే వెళ్లింది.