హీరో ఎందుకు కదలడు?

దుమ్ము లేస్తుంది, తలుపు బద్దలవుతుంది, హీరో ఇంకా ముఖం చూపించడు. ముందు ఒక పిడికిలి కనిపిస్తుంది. మరుక్షణం ఒక రౌడీ నేలకు సమాంతరంగా పది మీటర్లు ఎగిరి గోడను ఢీకొంటాడు.

ఈ ఒక్క గుద్దుకు లెక్క కట్టి చూద్దాం. ఛాతీ ఎత్తు నుంచి ఏ వస్తువైనా నేలను చేరడానికి అర సెకను పడుతుంది. ఆలోపు పది మీటర్లు దాటాలంటే రౌడీ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోవాలి. అతని బరువు 70 కిలోలు, హీరోది 80 అనుకుందాం. ఒకరిని ముందుకు నెట్టిన తాకిడి అంతే మోతాదులో రెండోవారిని వెనక్కి నెడుతుందనే ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం హీరో అదే క్షణంలో గంటకు 63 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోవాలి. కాళ్లు గట్టిగా తన్నిపెట్టి నిలబడ్డాడు కదా అనవచ్చు. కానీ గుద్దు తగిలే సమయం సెకనులో 50వ వంతు. అంత తక్కువ సమయంలో బూట్ల కింది ఘర్షణ ఆపగలిగేది ఆ తాకిడిలో సుమారు నూరో వంతు మాత్రమే.

మరి రౌడీ ఎలా ఎగిరాడు? నడుముకు బెల్టు కట్టి తాడుతో వెనక్కి లాగారు. కంప్యూటర్‌లో తాడును చెరిపేసినా దాని జాడ మిగులుతుంది. దవడ మీద గుద్దితే ముందు తల వెనక్కి పోవాలి. తెర మీద మాత్రం నడుము ముందు బయలుదేరుతుంది, తల, చేతులు, కాళ్లు దాని వెంట ఈడ్చుకుపోతాయి. ఒకసారి ఇది గమనించారంటే ఆ తర్వాత ఏ ఫైటూ మునుపటిలా కనిపించదు. నాకు అదే జరిగింది.

అభిమానులకు ఇది తెలియక కాదు. విసిరిన రాయి ఎక్కడ పడుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్న కంటికి, పది మీటర్లు అతి అని లెక్క లేకుండానే తెలుస్తుంది. అయినా ఆ ఫైటు మీద వాళ్లు చేసే మీమ్‌లో దాన్ని తగ్గించరు, పెంచుతారు. రౌడీ మేఘాలు దాటి, భూమిని చుట్టి, హీరో వీపు వెనక నుంచి తిరిగి వస్తాడు. పది మీటర్లు అబద్ధంలా ఉంటుంది, భూప్రదక్షిణ హాస్యమవుతుంది. సినిమా మొదలుపెట్టిన అతిని చివరిదాకా లాగితే అది అభిమాని సొంత చమత్కారం.

ఈ ఊహ న్యూటన్‌దే. ఆయన మరణించాక 1728లో అచ్చయిన పుస్తకంలో, కొండ మీద నుంచి విసిరిన వస్తువు వేగం పెంచుతూ పోతే చివరికి భూమిని చుట్టి అదే కొండకు తిరిగి వస్తుందని బొమ్మ గీసి చూపారు. గాలి అడ్డు లేకపోతే అందుకు సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగం కావాలి, ప్రయాణం సుమారు 84 నిమిషాలు. కాబట్టి మీమ్‌లోని రౌడీ దారి తప్పలేదు, కాస్త తొందరగా వచ్చాడంతే.

తప్పు ఇంకోచోట ఉంది. అంత గుద్దుకు హీరో కూడా సెకనుకు దాదాపు 7 కిలోమీటర్ల వేగంతో వెనక్కి ఎగరాలి. రౌడీని ఆకాశానికి పంపిన మీమ్‌లు ఎన్నో చూశాను. హీరోను ఒక్క అడుగు వెనక్కి జరిపినది మాత్రం ఇంతవరకు నా కంటపడలేదు.