టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి, అయినా నెట్ నత్తనడకే: లాన్ కేబుల్ క్రింపింగ్‌పై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఓ బట్టల షాపు. కింద రూటర్, పైఅంతస్తులో బిల్లింగ్ కంప్యూటర్, మధ్యలో ముప్పై మీటర్ల పైచిలుకు కేబుల్. బిల్లు కొడితే తిరుగుతూనే ఉంటుంది. ప్లాన్ పెంచారు, రూటర్ మార్చారు, ఏం లాభం లేదు. నేను వెళ్లేసరికి ఓనరుగారు టెస్టర్ చేతిలో పట్టుకుని "లైట్లన్నీ వరసగా వెలుగుతున్నాయి కదా బాబూ, మరేటి దీని రోగం?" అన్నారు.

అపోహ: టెస్టర్‌లో 1 నుంచి 8 వరకు వెలిగితే కేబుల్ బాగున్నట్టే.

ఆ చిన్న టెస్టర్ చూసేది ఒక్కటే, ఈ చివర ఒకటో పిన్ను ఆ చివర ఒకటో పిన్నుకి తగులుతోందా లేదా అని. కరెంటు పారితే లైటు వెలుగుతుంది. గిగాబిట్ స్పీడులో సిగ్నల్ ఎంత శుభ్రంగా వెళ్తోందో దానికి తెలియదు, తెలిసే మార్గమూ లేదు.

ఆ షాపులో రెండు చివర్లూ రంగుల వరస ఒకేలా ఉంది, కానీ జతలు జతలుగా పెట్టేశారు: ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే కేబుల్ చివర వేసే ఆర్‌జే45 కనెక్టర్‌లో జతలు 1-2, 3-6, 4-5, 7-8. మూడూ నాలుగూ ఒక జత కాదు. అందుకని ఇక్కడ 3-6 మీద వెళ్లాల్సిన సిగ్నల్ ఒకవైపు వైట్-గ్రీన్ మీదా, ఇంకోవైపు బ్లూ మీదా పోతోంది, ఈ రెండూ ఒకదానితో ఒకటి మెలిపడిన తీగలు కావు. వైట్-గ్రీన్‌తో మెలిపడి ఉన్న గ్రీన్ తీగ మీద 4-5 సిగ్నల్ నడుస్తోంది, ఒకదాని గోల ఇంకోదానికి ఎక్కుతుంది. జత తీగల్ని మెలిపెట్టేదే ఆ గోల రెండింటి మీదా సమానంగా పడి రద్దయిపోవాలని కదా! దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటాం. సరైన వరస (టీ568బీ) ఇది:

వైట్-ఆరెంజ్, ఆరెంజ్, వైట్-గ్రీన్, బ్లూ, వైట్-బ్లూ, గ్రీన్, వైట్-బ్రౌన్, బ్రౌన్.

ఇలాంటి కేబుల్ రెండు మీటర్లదైతే చాలాసార్లు బాగానే నడిచిపోతుంది. సీసీ కెమెరాకి పెట్టినా తేడా తెలియకపోవచ్చు, ఎందుకంటే 100 ఎంబీపీఎస్‌కి 1-2, 3-6 చాలు, పక్క జతల్లో సిగ్నలే ఉండదు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, అక్కడ బయటపడుతుంది.

లింకు మాత్రం 1 జీబీపీఎస్ అనే చూపిస్తుండొచ్చు. లోపల పాడైన ప్యాకెట్లను స్విచ్ నోరెత్తకుండా పారేస్తుంది, కంప్యూటర్ మళ్లీ పంపుతుంది, మనకి కనపడేది నత్తనడక. విండోస్‌లో ఒక పెద్ద ఫైలు ఆ కేబుల్ మీదుగా ఈ కంప్యూటర్‌లోకి కాపీ చేసే ముందూ తర్వాతా ఇది కొట్టి చూడండి:

```
netstat -e
```

`Errors` వరసలో అంకె పెరుగుతూ పోతుంటే ముందు కేబుల్‌నే అనుమానించాలి. కొన్ని కార్డుల డ్రైవర్లు ఈ లెక్క సరిగా ఇవ్వవు, కాబట్టి సున్నా కనపడినంత మాత్రాన కేబుల్‌కి మార్కులు వేసేయకండి. ఈ షాపులో పెరుగుతూనే ఉంది.

అపోహ: పాస్-త్రూ కనెక్టర్ వేస్తే స్పీడు తగ్గుతుంది. (ఇంకొందరైతే పెరుగుతుందంటారు.)

రెండూ కాదు. పాస్-త్రూలో తీగలు ముందు నుంచి బయటికి వస్తాయి, క్రింప్ చేసేముందే వరస కళ్లతో చూసుకోవచ్చు, బయటికి లాగి జాకెట్‌ని లోపలి దాకా నెట్టొచ్చు. మామూలు కనెక్టర్‌లో తీగల్ని ముందే సమానంగా కత్తిరించాలి. చాలామంది వేళ్లకి అందాలని రెండు మూడు అంగుళాలు మెలిక విప్పేసి, పొట్టి చేయకుండానే దూర్చేస్తారు, జాకెట్ కనెక్టర్ బయటే ఉండిపోతుంది. విప్పిన మెలిక 13 మి.మీ. దాటకూడదు.

పాస్-త్రూకి ఉన్న అసలు తంటా బ్లేడు. దానికి ముందు కత్తిరించే బ్లేడున్న క్రింపింగ్ టూల్ వేరే ఉండాలి. మామూలు టూల్‌తో నొక్కి, మిగిలిన కొసల్ని నెయిల్ కట్టర్‌తో కత్తిరించిన జాక్‌లు కూడా చూశాను. బ్లేడు మొద్దుబారినా అంతే, రాగి కొసలు సాగి పక్కదానికి తగులుతాయి. టెస్టర్‌లో తగలనివి పోర్టులోకి నొక్కినప్పుడు తగలొచ్చు, ఆ వైరు మీద కెమెరాకి కరెంటు కూడా పోతుంటే మరీ చికాకు. క్రింప్ చేశాక జాక్ ముందు భాగాన్ని గోటితో రాయండి. గరుకుగా తగిలితే కత్తిరించి కొత్తది వేయాల్సిందే.

మంచి బ్లేడు లేకపోతే మామూలు కనెక్టరే మేలు అని నా మాట.

ఆ షాపులో రెండు చివర్లూ కోసి, మెలిక జాక్ దాకా ఉండేలా కొత్తవి వేశాం. ఫైలు కాపీలో ఎర్రర్ల అంకె ఆగింది, బిల్లు కొట్టగానే వస్తోంది. ఇలా చేశాకా ఎర్రర్లు పెరుగుతుంటే తీగ కొసని బ్లేడుతో గీకి చూడండి. పైన రాగి రంగు పోయి లోపల వెండిలా తెల్లగా కనపడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం, అంత పొడవుకి దాన్ని జాక్‌లు మార్చి బాగుచేయలేం, వైరే మార్చాలి.