రిపుల్ కౌంటర్‌లో 8 ఎక్కడికి పోయింది?

రిపుల్ కౌంటర్ టైమింగ్ డయాగ్రమ్ గీయమంటే చాలామంది స్కేలు పెట్టి, క్లాక్ పడే చోట ఒక నిలువు గీత కిందిదాకా లాగేసి, అవుట్‌పుట్లన్నీ ఆ గీత మీదే మారినట్టు గీసేస్తారు. లెక్క ఏ వరసలో నడుస్తుందో తెలియడానికి అది చాలు. కానీ ఈ కౌంటర్ ఎంత స్పీడ్ తట్టుకుంటుందో ఆ బొమ్మలో కనపడదు, ఎందుకంటే చూడాల్సిన డిలే అంతా ఆ నిలువు గీత కిందే దాగిపోయింది.

4 బిట్ల కౌంటర్ తీసుకుందాం. నాలుగు జేకే ఫ్లిప్‌ఫ్లాపులు, అన్నిటికీ జే, కే రెండూ 1కి కట్టేసి ఉంటాయి, కాబట్టి క్లాక్ 1 నుంచి 0కి పడిన ప్రతిసారీ అవుట్‌పుట్ తిరగబడుతుంది. బయటి క్లాక్ వెళ్ళేది మొదటిదానికి మాత్రమే. దాని అవుట్‌పుట్ Q0 రెండోదానికి క్లాక్, Q1 మూడోదానికి, Q2 నాలుగోదానికి. అంటే ముందుది పడితేగానీ వెనకదానికి కబురు అందదు. క్లాక్ అందాక ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్ మారడానికి 10 నానోసెకన్లు పడుతుందనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుందని.

ఇప్పుడు 7 నుంచి 8కి వెళ్ళేటప్పుడు అసలు ఏం జరుగుతుందో చూడండి:

```
ns        Q3 Q2 Q1 Q0
0-10      0  1  1  1   (7)
10-20     0  1  1  0   (6)
20-30     0  1  0  0   (4)
30-40     0  0  0  0   (0)
40-       1  0  0  0   (8)
```

7 తర్వాత 8 రాలేదు, 6, 4, 0 దాటుకుని వచ్చింది. అన్ని అడుగులకీ ఇంత టైమ్ పట్టదు, 0 నుంచి 1కి అయితే Q0 ఒక్కటే మారుతుంది కాబట్టి 10 నానోసెకన్లలో అయిపోతుంది. కానీ స్పీడ్ లిమిట్ తేల్చేది సగటు కాదు, అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టే అడుగు. అది ఇక్కడ 7→8, ఇంకా 15→0. రెండిట్లోనూ నాలుగు డిలేలూ వరసగా కూడుకుంటాయి.

అందుకే క్లాక్ పీరియడ్ కనీసం 40 నానోసెకన్లు ఉండాలి. N అంటే బిట్ల సంఖ్య, t_pd అంటే ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్ డిలే అనుకుంటే:

```
f_max = 1 / (N × t_pd) = 1 / (4 × 10 ns) = 25 MHz
```

8 బిట్లకి పెంచితే ఇదే 12.5 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంది. పైగా లెక్క కుదురుకున్నాక దాన్ని చదవడానికి కూడా కొంచెం టైమ్ కావాలి కాబట్టి నిజంగా వాడుకోగలిగేది ఇంకా తక్కువే.

మరి 4 బిట్ల కౌంటర్‌కే 50 మెగాహెర్ట్జ్ ఇస్తే? పీరియడ్ 20 నానోసెకన్లు. పై టేబుల్‌లో Q3 ఇంకా లేవకముందే, 20 దగ్గర, తర్వాతి పల్స్ పడిపోతుంది, దాని వల్ల 30 దగ్గర Q0 మళ్ళీ 1 అవుతుంది, సరిగ్గా అప్పుడే Q2 పడుతుంది. అంటే 30 నుంచి 40 వరకు కనిపించేది 0001, 40 దగ్గర Q3 లేచాక కనిపించేది 1001. నేరుగా 9! రావాల్సిన చోట 8 లేనే లేదు. 50 నుంచి 60 మధ్య 1000 ఒకసారి మెరుస్తుంది కానీ అది 9 నుంచి 10కి పోయే దారిలో వచ్చిన దొంగ 8. పేపర్ మీద ఒక్కసారి ఇది గీసుకుంటే ఫార్ములా బట్టీ పట్టక్కర్లేదు అని నా నమ్మకం.

స్లో క్లాక్ ఇస్తే అంతా బాగైపోతుందనుకోవద్దు. 15 నుంచి 0కి వెళ్ళేటప్పుడు దారిలో 14, 12, 8 వస్తాయి, ఇది ఏ స్పీడ్‌లో అయినా వస్తుంది. 8 వచ్చిందా అని కనిపెట్టే యాండ్ గేట్ పెట్టారనుకోండి, అక్కడ 10 నానోసెకన్ల సన్నటి తప్పుడు పల్స్ పుడుతుంది, దాన్ని ఇంకో సర్క్యూట్‌కి రీసెట్‌గా ఇస్తే ఎప్పుడో ఒకప్పుడు ఊరికే రీసెట్ అవుతూ ఉంటుంది, కారణం దొరకదు. ఆసిలోస్కోప్‌లో Q3 పడే అంచు మీద ట్రిగ్గర్ పెట్టి క్లాక్‌నీ మిగతా అవుట్‌పుట్లనీ చూస్తే మెట్లు మెట్లుగా జరిగిన అంచులు కనపడతాయి, అక్కడ తెలిసిపోతుంది.

దీనికి పాత ఉపాయం స్ట్రోబ్. క్లాక్‌నే ఆ గేట్‌కి ఇంకో ఇన్‌పుట్‌గా ఇస్తారు, క్లాక్ 0గా ఉన్న మొదటి సగంలో గేట్ మూసుకుని ఉంటుంది, అలలన్నీ అణిగాక రెండో సగంలో తెరుచుకుంటుంది. కానీ అప్పుడు ఆ 40 నానోసెకన్లూ సగం పీరియడ్‌లోనే ఇమడాలి, అంటే పీరియడ్ 80, ఫ్రీక్వెన్సీ 12.5 మెగాహెర్ట్జ్. గ్లిచ్ పోయింది, స్పీడ్ సగమైంది. ఇది ఒప్పుకోలేనప్పుడే అన్ని ఫ్లిప్‌ఫ్లాపులకీ ఒకే క్లాక్ ఇచ్చే సింక్రనస్ కౌంటర్‌కి వెళ్ళాలి.

ఇక్కడ ఒకటి మాత్రం చాలామంది కలిపేసుకుంటారు. 50 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా, మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ ఆ స్పీడ్ తట్టుకుంటే చాలు, ఒక్క పల్స్ కూడా పోదు. Q3 సరిగ్గా 16వ వంతు ఫ్రీక్వెన్సీతోనే వస్తుంది, కాకపోతే 40 నానోసెకన్లు లేటుగా. చెడేది లెక్కింపు కాదు, నాలుగు బిట్లనీ ఒకే క్షణంలో కలిపి చదవడం. అందుకే 32768 హెర్ట్జ్ క్రిస్టల్ పెట్టిన CD4060 కౌంటర్ చిప్‌లో 14 స్టేజీలు రిపుల్‌గానే ఉన్నా, చివరి స్టేజీ అవుట్‌పుట్ నుంచి 2 హెర్ట్జ్ ఏ ఇబ్బందీ లేకుండా వస్తుంది, అక్కడ మిగతా బిట్లని ఎవరూ చదవట్లేదు కదా.