24 ఫోటోలతో మన స్టైల్ నేర్పించడం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నాది పెళ్లి ఫోటోల పని. ఈ మధ్య పెళ్లి పత్రికల మీది బొమ్మలు, ఆల్బమ్ కవర్లు కూడా అడుగుతున్నారు. అవి కూడా నా ఫోటోల రంగుల్లోనే ఉండాలని సొంతంగా లోరా ట్రైన్ చేసుకోవడం మొదలుపెట్టాను. లోరా అంటే పెద్ద ఇమేజ్ మోడల్‌ను కదిలించకుండా దానికి పక్కన తగిలించే చిన్న ఫైలు. బొమ్మ వేయడం మోడల్‌కు ముందే వచ్చు. ఈ ఫైలు దాని చెయ్యిని మన అలవాటు వైపు కొంచెం తిప్పుతుంది, అంతే.

మొదటిసారి ఫైలు తయారయ్యాక "వానలో బస్టాండ్" అని రాసి బొమ్మ అడిగాను. బస్టాండ్ వచ్చింది. ప్లాట్‌ఫాం మీద బస్సు ఆగాల్సిన చోట మాత్రం పూలు గోపురంలా పేర్చి ఉన్నాయి. మా స్టూడియో పిల్లగాడు వెనక నుంచి చూసి "అన్నా, బస్సు అడిగితే బతుకమ్మ దిగిందేంది?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను వదిలించుకున్న అపోహలే ఇవి.

అపోహ: ఎన్ని ఎక్కువ ఫోటోలు ఇస్తే అంత బాగా నేర్చుకుంటుంది

ఆ మొదటి సెట్లో 60 ఫోటోలు ఉన్నాయి. అందులో 38 బతుకమ్మ రోజులవే. ఒకే ఆట, ఒకే మైదానం, ఒక్కో సీన్ నాలుగైదు క్లిక్కులు. నా లెక్కలో అవి 60. మోడల్ చూసిన లెక్కలో పదిహేను ఇరవైకి మించవు, పైగా వాటిలో ఒకదాన్ని ఇంకోదానికంటే చాలాసార్లు చూసినట్టు.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. "ఇది స్టైల్, ఇది వస్తువు" అని మోడల్‌కు ఎవరూ విడదీసి చెప్పరు. సెట్ మొత్తంలో మారకుండా ఏది ఉంటే అదే నేర్చుకోవాల్సింది అనుకుంటుంది. నా సెట్లో నా రంగులు మారలేదు, నిజమే. తంగేడు పువ్వు పసుపు కూడా మారలేదు. ఆడవాళ్లు గుండ్రంగా తిరగడం మారలేదు. నేను నిలబడ్డ ఎత్తు కూడా మారలేదు. నా రంగులతో పాటు అవన్నీ మూటగట్టుకుని వచ్చాయి.

కాబట్టి పని తిరగేసి చేయాలి. స్టైల్ అని మీరు అనుకునేది ఒక్కటే అన్నిట్లో ఉండాలి, మిగిలినవన్నీ మారిపోవాలి. అలా చూస్తే 20, 30 ఫోటోలతో పని జరుగుతుంది. నేను ఒక నోటుబుక్కులో నాలుగు గీతలు కొట్టుకున్నాను: ఫోటోలో ఏముంది, ఎంత దూరం నుంచి తీసింది, ఏ వెలుతురు, ఎక్కడ. ఒక్కో ఫోటోకు ఒక్కో వరస. ఏ గడిలోనైనా ఒకే మాట నాలుగో వంతుకు మించి కనబడితే అక్కడ కోత. ఇది శాస్త్రం కాదు, నా చేతి లెక్క. కానీ ఆ గీతలు గీశాకే నా పిచ్చి నాకు కనబడింది: వెలుతురు గడిలో అన్నీ "సాయంత్రం" అనే ఉన్నాయి.

అక్కడే ఆగి ఆలోచించాల్సి వచ్చింది. సాయంత్రపు వెలుతురే నా స్టైలా? అయితే అలాగే ఉండనీయొచ్చు. కానీ మధ్యాహ్నం తీసిన నా ఫోటోలు చూసినా జనం గుర్తుపడతారు. అంటే నా స్టైల్ పొద్దు గూకడం కాదు. నీడల్లో కొంచెం నీలం, అణిగిన ఎరుపు, మనిషి పైన వదిలేసిన ఖాళీ, ఇవీ నావి. అప్పుడు మధ్యాహ్నాలు, మబ్బు పట్టిన పొద్దులు, ట్యూబులైటు గదులు సెట్లోకి వచ్చాయి.

చివరికి మిగిలిన 24 ఇవి. ఆరుగురు వేర్వేరు మనుషులు, ఒక్కొక్కరిది ఒక్కటే ఫోటో. మూడు గుంపు ఫోటోలు. వస్తువులు ఐదు: బత్తాయిల గంప, ఇత్తడి బిందె, కుట్టుమిషన్, టీ గ్లాసులు, తలుపుకు వేలాడే తాళం. చోట్లు ఐదు: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలు, ఉదయసముద్రం కట్ట, దేవరకొండ ఖిల్లా గోడ, పాలమూరు పిల్లలమర్రి ఊడలు, వానకు తడిసిన గల్లీ. పత్తి చేను, గొర్ల మంద, ఎడ్లు కలిపి మూడు. రాత్రివి రెండు. బతుకమ్మ ఫోటో ఒక్కటే, అదీ గుంపు ఫోటోల్లో ఉంది.

పిల్లలమర్రి ఫోటో కావాలనే పెట్టాను. అందులో ఖాళీ అన్నదే లేదు, ఫ్రేము నిండా ఊడలే. ఖాళీ లేని చోట కూడా రంగు నాదేనని మోడల్‌కు తెలియాలి.

అపోహ: మన బెస్ట్ ఫోటోలే పెట్టాలి

మనకు పేరు తెచ్చిన ఫోటోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, చూసుకోండి. ఒకటి హిట్టయితే అదే మళ్లీ మళ్లీ తీస్తాం. సెట్‌కు కావాల్సింది మీ రంగు స్పష్టంగా ఉన్న మామూలు ఫోటో. తాళం ఫోటోను నేను ఎవరికీ చూపించలేదు, ఈ సెట్లో దాని పని మాత్రం పెద్దది.

ఇంకో మాట. మూడేళ్ల కింద ఎడిట్ చేసినది, నిన్న ఎడిట్ చేసినది కలపకండి. నా పాత ఫోటోల్లో నీడలు గోధుమ రంగు, కొత్తవాటిలో నీలం. రెండూ కలిస్తే వచ్చేది బురద. రా ఫైళ్లు తీసి, 24 కూ ఒకే ప్రీసెట్ వేసి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. వాట్సాప్‌లో తిరిగిన కాపీలు అసలు వద్దు. కుదించినప్పుడు పడే గళ్లు, అంచుల చుట్టూ తెల్లగీత కూడా స్టైలే అనుకుని నేర్చుకుంటుంది. మూలన స్టూడియో పేరు ఉంటే అదీ అంతే, చదవడానికి రాని గీతలై ప్రతి బొమ్మలో తేలుతుంది.

అపోహ: అన్నిటినీ చదరంగా కత్తిరించాలి

అక్కర్లేదు. నేను వాడే ఇమేజ్ మోడల్ ఎస్‌డీఎక్స్‌ఎల్ 1024×1024 సైజుకు తయారైన మాట నిజమే. కానీ లోరా ట్రైన్ చేసే కోహ్యా స్క్రిప్టుల్లో `enable_bucket` పెడితే నిలువు, అడ్డం ఫోటోలను వాటి ఆకారం ప్రకారం వేరు చేసుకుని తీసుకుంటుంది. మొదటిసారి నేను చదరంగా కోస్తే నిలువు ఫోటోల్లో తలలు తెగాయి. తర్వాత వచ్చిన బొమ్మల్లోనూ తలలు తెగే వచ్చాయి.

అపోహ: క్యాప్షన్‌లో మన స్టైల్‌ను బాగా వర్ణించాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. క్యాప్షన్ అంటే ఒక్కో ఫోటోలో ఏముందో మోడల్‌కు రాసిపెట్టే వాక్యం. క్యాప్షన్‌లో రాసినది ఆ మాటకే అంటుకుంటుంది. రాయకుండా వదిలేసినది మన స్టైల్‌ను పిలవడానికి పెట్టిన గుర్తు మాటలోకి ఇంకుతుంది. కాబట్టి ఫోటోలో మారే వస్తువులన్నీ రాయాలి, స్టైల్ గురించి ఒక్క ముక్క రాయకూడదు. పత్తి ఏరుతున్న అవ్వ ఫోటోకు, ఫోటో పేరుతోనే ఉన్న `.txt` ఫైలులో నేను రాసింది ఇది:

```
nlgclr, an old woman in a green saree sorting cotton in a courtyard, brick wall, plastic chair, seen from the doorway
```

`nlgclr` అనేది ఏ అర్థమూ లేని గుర్తు మాట. ఆకుపచ్చ చీర, ఇటుక గోడ, ప్లాస్టిక్ కుర్చీ అన్నీ పేరుపేరునా చెప్పాను. అందుకే అవి తర్వాత అడగకుండా రావు. నీలం నీడలు, పైన ఖాళీ గురించి ఏమీ చెప్పలేదు. అవి `nlgclr` లోకి పోవాలి. మొదటిసారి "faded blue shadows" అని కూడా రాశాను. దాంతో ఆ మాటలు మళ్లీ టైపు చేస్తే తప్ప నా రంగు వచ్చేది కాదు. ఇంగ్లీషులో ఎందుకంటే, ఈ మోడల్ మాటలు నేర్చింది ఎక్కువగా ఇంగ్లీషులోనే.

అపోహ: ఫోటోలు తక్కువైతే తిప్పేసి రెట్టింపు చేసుకోవచ్చు

`flip_aug` అనే ఆప్షన్ ఫోటోను అద్దంలో లాగా తిప్పి కూడా చూపిస్తుంది. కొండలకు, చెట్లకు ఇబ్బంది లేదు. మన ఫోటోల్లో చీరలున్నాయి. కొంగు ఎడమ భుజం మీద ఉండాలి, తిప్పితే కుడికి పోతుంది. పెళ్లి కవర్ మీద అలా వస్తే పెళ్లికూతురి మేనత్త ముందే పట్టేస్తుంది. నేను దాన్ని ఆపేశాను.

అపోహ: లాస్ తగ్గుతోందంటే ట్రైనింగ్ బాగా నడుస్తున్నట్టే

లాస్ అంటే మోడల్ ఎంత తప్పుతోందో చూపే అంకె. ఈ రకం మోడళ్లు ఫోటోకు మసక కలిపి, దాన్ని తీసేయడం నేర్చుకుంటాయి. ప్రతి అడుగులో ఎంత మసక కలపాలో యాదృచ్ఛికంగా మారుతుంది, దానితో పాటు లాస్ కూడా ఎగుడుదిగుడుగా ఊగుతుంది. దాన్ని చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ తెలియదు. అదీగాక ఫోటోలను బట్టీ పట్టినా లాస్ తగ్గుతుంది.

అడుగుల లెక్క మాత్రం చూసుకోవాలి. ఒక్కసారికి ఒక్క ఫోటోనే చూపిస్తే ఒక్కో చూపు ఒక అడుగు. ఫోల్డర్ పేరు `5_nlgclr` అని పెడితే ఒక్కో ఫోటోను ఒక రౌండుకు 5 సార్లు చూస్తుంది. 24 ఫోటోలకు 120 అడుగులు, 15 రౌండ్లకు 1800. మొదటిసారి 60 ఫోటోలు, 10 సార్లు, 10 రౌండ్లు అని 6000 అడుగులు నడిపాను. అదీ మూట బరువెక్కడానికి ఒక కారణమే. లోరా ఫైలు ఎంత పెద్దదో చెప్పే `network_dim` కూడా అప్పుడు 128 పెట్టాను, ఇప్పుడు 16. ఆ అంకె పెద్దదయ్యేకొద్దీ బట్టీ పట్టడానికి చోటు పెరుగుతుంది.

ప్రతి రౌండు చివర ఫైలు సేవ్ చేయించి, తర్వాత పరీక్ష పెడతాను. సెట్లో లేనివే అడగాలి: వానలో బస్టాండ్, మంచు కొండ, గిన్నెలో జామకాయలు. సీడ్, అంటే బొమ్మ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే అంకె, ఒకటే ఉంచి 3, 6, 9, 12, 15 రౌండ్ల ఫైళ్లతో బొమ్మలు తీయించి పక్కపక్కన పెడతాను. అసలు లోరా లేకుండా వచ్చిన బొమ్మ కూడా అక్కడే ఉండాలి, తేడా తెలియాలి కదా.

నా కొత్త సెట్లో 3వ రౌండులో రంగు పట్టీ పట్టనట్టుంది. 9లో మంచు కొండ మంచు కొండలాగే ఉండి, నీడలు నీలంగా దిగాయి. 12కు వచ్చేసరికి జామకాయలు బత్తాయిల్లా గుండ్రమయ్యాయి. 15లో సీడ్ మార్చినా గిన్నె అదే మూలన, వెనక అదే గంప. సీడ్ మార్చినా కూర్పు మారకపోతే ముదిరిందని గుర్తు. లోరా బలం 1.0 నుంచి 0.5కు దించితే తప్ప బాగా కనబడకపోయినా అంతే. 9వ రౌండు ఫైలు, అంటే 1080 అడుగులది, ఉంచుకుని మిగతావి తీసేశాను.

మనుషుల ముఖాలకు ఇదే పరీక్ష ఇంకోసారి పెడతాను. "ముసలామె" అని అడిగితే పత్తి ఏరే అవ్వ దిగకూడదు. ఆ అవ్వను అడిగే ఫోటో సెట్లో పెట్టాను, కానీ ఎవరిదో పెళ్లి పత్రిక మీద తన ముఖం రావడానికి ఆమె ఒప్పుకోలేదు.

రాత్రి బొమ్మలు ఇంకా కుదరలేదు. ఉన్నవి రెండే కదా అని వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టి `15_nlgclr` అని పేరు మార్చి చూశాను. రాత్రి రంగు వచ్చింది, దానితో పాటు ఏ రాత్రి అడిగినా ఒకే మిర్చిబండి, దాని మీద అదే బల్బు. మళ్లీ 5కు దించేశాను. చెర్వుగట్టు జాతరకు కెమెరా పట్టుకుపోయి, బండి లేని రాత్రులు ఓ నాలుగు తెచ్చుకోవాలి.