మధ్యాహ్నం స్టార్ట్ అవ్వని మోటారు

"పొద్దున బాగానే పనిచేస్తుంది సార్, మధ్యాహ్నం మోటారు స్టార్ట్ అవ్వదు. సాయంత్రం దానంతట అదే ఆన్ అవుతుంది." విజయవాడలో ఫైనలియర్ చదివే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. హాస్టల్ పైట్యాంకులో నీటిమట్టం చూసి మోటారు నడిపే ప్రాజెక్టు వాళ్లది. చవకైన నోడ్‌ఎంసీయూ బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సర్, ఒక రిలే. అప్పటికే రిలే మార్చారు, వైర్లు మార్చారు. బోర్డుకి దిష్టి తగిలిందన్న స్నేహితులూ ఉన్నారట.

తప్పు వైర్లలో లేదు, గాలిలో ఉంది. సెన్సర్ దూరాన్ని నేరుగా కొలవదు. శబ్దం నీటిని తాకి తిరిగిరావడానికి పట్టిన మైక్రోసెకన్లను మాత్రమే ఇస్తుంది. దూరం లెక్క మన ప్రోగ్రాముది. వీళ్లు అందరిలాగే సెకనుకు 343 మీటర్ల వేగం వేశారు. అది 20 డిగ్రీల గాలికి సరిపోతుంది. ఎండాకాలంలో విజయవాడ డాబా మీద, నల్లట్యాంకు మూత కింద గాలి 45 డిగ్రీలుంటే వేగం దాదాపు 358.6కి చేరుతుంది. ఉష్ణోగ్రతతో శబ్దవేగం పెరుగుతుందని ఇంటర్లో చెప్పి పరీక్ష పెడతాం, ల్యాబులో మాత్రం మర్చిపోతాం. నాకు బాధ కలిగించేది అదే.

వాళ్ల ట్యాంకులో సెన్సర్ అడుగు నుంచి 200 సెం.మీ. ఎత్తులో ఉంది. కిందికి పోయే పైపు నోరు అడుగు నుంచి 8 సెం.మీ. పైన. నీళ్లు 15 సెం.మీ.కి తగ్గితే మోటారు ఆన్ కావాలి. నీళ్లు 8 దగ్గర ఆగాయనుకోండి, అసలు దూరం 192. వేడిగాలిలో శబ్దం త్వరగా తిరిగొచ్చింది కాబట్టి ప్రోగ్రాముకి అది 183.7గా కనిపిస్తుంది. అంటే 16.3 సెం.మీ. నీళ్లున్నాయని లెక్క. కుళాయిలు ఎండిపోయాయి, పైపు నోటి కంటే నీరు దిగదు, ప్రోగ్రామేమో 15 కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది! లోపలి గాలి సుమారు 40 డిగ్రీలకు చల్లబడ్డాకే లెక్క 15 కిందికి వచ్చి మోటారు కదులుతుంది.

ట్యాంకు నిండినప్పుడు ఈ తప్పు బయటపడదు. 30 సెం.మీ. దూరానికి తేడా ఒకటిన్నర లోపే. వీళ్ల పరీక్షలన్నీ నీళ్లు పొర్లుతున్నాయా లేదా అన్నదాని మీదే జరిగాయి.

డీఎస్18బీ20 అనే వాటర్‌ప్రూఫ్ ఉష్ణోగ్రత సెన్సర్ని ట్యాంకు లోపల, మూతకీ నీటికీ మధ్యలో వేలాడదీయమన్నాను. గోడ నీడలో పెడితే లాభం లేదు, శబ్దం ప్రయాణించేది లోపలి గాలిలో. మార్చాల్సింది రెండు లైన్లే:

```
c = 331.3 + 0.606 * t;
d = us * c / 20000.0;
```

`t` డిగ్రీలు, `us` మైక్రోసెకన్లు, `d` సెంటీమీటర్లు.

దీంతో తేడా పూర్తిగా పోదు. మూత దగ్గర గాలి ఎక్కువ వేడిగా, నీటి దగ్గర తక్కువ వేడిగా ఉంటుంది, థర్మామీటరేమో ఒక్కచోటే చూస్తుంది. సగటున 3 డిగ్రీలు పొరపడినా రెండు మీటర్ల మీద ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. అందుకే ఆన్ అయ్యే మట్టాన్ని 15 నుంచి 20కి పెంచమన్నాను. మధ్యాహ్నం రెండింటికి ట్యాంకులోకి కర్ర దించి, తడిసిన మేర టేపుతో కొలిచి, స్క్రీన్ మీది అంకెతో పోల్చి చూడమన్నాను.