చెక్కు మొత్తం ఒక వరుసలో, ఛార్జీలు మరో వరుసలో: బౌన్స్ ఉత్తరం వెనుక కథ

సిమెంటు, స్టీలు అమ్మే దుకాణానికి ఒక కాంట్రాక్టరు 1,48,000 రూపాయల చెక్కు ఇచ్చారనుకుందాం. ఖాతా పుస్తకంలో ఆయన మొత్తం బాకీ 2,36,500. చెక్కు ‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’ అని తిరిగొచ్చింది. రిటర్న్ ఛార్జీ కింద దుకాణం ఖాతా నుంచి బ్యాంకు 295 రూపాయలు కోసుకుంది. కోపం మీదున్న యజమాని ‘మీ బాకీ 2,36,795 వెంటనే కట్టండి’ అని ఉత్తరం రాస్తారు. లెక్క సరిగ్గానే ఉంది. అయినా రేపు కోర్టుకు వెళితే ఆ ఒక్క వాక్యమే కేసును పడగొట్టవచ్చు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు మూలమైన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. వందేళ్లకు పైగా ఆ చట్టంలో చెక్కు బౌన్స్ కావడం నేరం కాదు. సొమ్ము రావాలంటే సివిల్ దావా వేసి ఏళ్ల తరబడి తిరగాలి. మోసం కేసు పెట్టాలంటే మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని నిరూపించాలి. 1988లో చేసిన సవరణతో 138వ సెక్షన్ వచ్చి, 1989 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అప్పటి నుంచి చెక్కు బౌన్స్‌కు జైలుశిక్ష, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడే వీలు వచ్చింది. ఏడాదిగా ఉన్న గరిష్ఠ శిక్షను 2002 సవరణ రెండేళ్లు చేసింది.

కాకపోతే బౌన్స్ అయిన మరుక్షణమే నేరం అని చట్టం అనలేదు. చెక్కు ఇచ్చిన మనిషికి ఒక అవకాశం ఇచ్చింది. సొమ్ము కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఆ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఆయన కట్టకపోతేనే నేరం. మామూలు వ్యాపార ఉత్తరానికి ఇంత బరువు వచ్చింది ఇక్కడే. రాతపూర్వకంగా ఉండాలన్నారే తప్ప వకీలే రాయాలని ఎక్కడా లేదు. దుకాణం లెటర్‌హెడ్ మీద యజమాని రాసినా చెల్లుతుంది. అందుకే ఆ ఉత్తరంలో ప్రతి అంకె చూసి రాయాలి.

చట్టం అడగమన్నది ‘ఆ సొమ్ము’ను, అంటే చెక్కు మీదున్న మొత్తాన్ని. మరి దాంతోపాటు బ్యాంకు ఛార్జీ, వడ్డీ, నోటీసు ఖర్చు అడగవచ్చా? 2000లో సుమన్ సేథీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. చెక్కు మొత్తం విడిగా, స్పష్టంగా కనబడుతుంటే పక్కన ఖర్చులు అడిగినంత మాత్రాన నోటీసు చెడదు. అన్నీ కలిపి ఒకే ముద్ద అంకెగా అడిగితే మాత్రం చెల్లదు. 2003లో కె.ఆర్. ఇందిర కేసులో చెక్కుల మొత్తం కాకుండా అప్పు మొత్తం అడిగినందుకు నోటీసు వీగిపోయింది. రాహుల్ బిల్డర్స్ కేసు మన కాంట్రాక్టరు కథకు మరీ దగ్గర. చెక్కు లక్ష రూపాయలది, నోటీసులో అడిగింది బిల్లుల బాకీ 8,72,409. 2007లో సుప్రీంకోర్టు ఆ నోటీసు చెల్లదంది. 2025 సెప్టెంబరులో కావేరీ ప్లాస్టిక్స్ తీర్పు ఇంకా గట్టిది. కోటి రూపాయల చెక్కుకు నోటీసులో రెండు కోట్లు అని పడింది. టైపింగ్ పొరపాటన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు.

కాబట్టి మన దుకాణం ఉత్తరంలో అసలు భాగం ఇలా ఉండాలి:

‘అయ్యా, మా బిల్లుల బాకీ కింద మీరు మార్చి 3 తేదీతో ఇచ్చిన 000412 నంబరు చెక్కు, ఖాతాలో చాలినంత సొమ్ము లేదన్న కారణంతో తిరిగి వచ్చింది. బ్యాంకు మెమో మాకు మార్చి 9న అందింది. చెక్కు మొత్తం రూ. 1,48,000 ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోపు బ్యాంకు బదిలీ ద్వారా గానీ డీడీ ద్వారా గానీ చెల్లించగలరు. ఇది కాక, చెక్కు తిరిగి వచ్చినందుకు మా బ్యాంకు వసూలు చేసిన రూ. 295 విడిగా చెల్లించగలరు.’

మిగతా బాకీ 88,500 సంగతి ఇందులో ఎత్తకపోవడమే మేలు. దానికి వేరే ఉత్తరం రాసుకోవచ్చు. 295 ఎలా వచ్చిందో (ఛార్జీ 250, దానిపై 18 శాతం జీఎస్టీ 45) చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ జత చేస్తే పార్టీ వాదించడానికి ఏమీ మిగలదు. బ్యాంకు కోసుకున్న దానికి మించి ‘బౌన్స్ పెనాల్టీ 1,000’ లాంటిది వేయాలంటే, ఆ షరతు ముందే బిల్లు మీదో ఒప్పందంలోనో ఉండాలి. ఉత్తరంలో కొత్తగా పుట్టించిన పెనాల్టీ నిలవడం కష్టం. అలా షరతు ప్రకారం దుకాణం వేసే పెనాల్టీకి జీఎస్టీ కలపనక్కర్లేదు. చెక్కు బౌన్స్ జరిమానా సేవకు ప్రతిఫలం కాదని 2022 ఆగస్టు నాటి జీఎస్టీ సర్క్యులర్ స్పష్టం చేసింది.

ఇక గడువు. మెమో అందాక నోటీసు పంపడానికి మొదట్లో 15 రోజులే ఉండేవి, 2002 సవరణ 30 చేసింది. మన ఉదాహరణలో మెమో మార్చి 9న అందింది గనుక ఏప్రిల్ 8 లోపు ఉత్తరం పంపాలి. మార్చి 15న పార్టీకి అందితే ఆయనకు మార్చి 30 దాకా సమయం. అప్పటికీ కట్టకపోతే ఏప్రిల్ 30 లోపు ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును మన్నించమనవచ్చు. నోటీసు 30 రోజులు దాటితే ఆ మన్నింపు లేదు.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ‘సోమవారం వేసేస్తానండీ’, ‘బిల్లు పాసవగానే ఇస్తాను’ అని ఫోనులో వింటూనే ముప్పై రోజులు గడిచిపోతాయి. పార్టీ మంచివారైనా సరే, మర్యాదగా మాట్లాడుతూనే ఉత్తరం పంపేయాలి. గడువు జారిపోతే ఒక దారి మిగులుతుంది. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటకపోతే దాన్ని మళ్లీ బ్యాంకులో వేయవచ్చు. మళ్లీ తిరిగొస్తే కొత్త మెమో, కొత్త 30 రోజులు. దీన్ని 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ తీర్పు ఒప్పుకుంది, అంతకు ముందు 1998 నాటి తీర్పు వల్ల ఒకసారి నోటీసు ఇచ్చాక ఈ వీలుండేది కాదు. కానీ ఆరు నెలలుగా ఉన్న చెక్కు కాలపరిమితిని రిజర్వ్ బ్యాంకు 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలకు తగ్గించింది. అందుకే ఈ దారి ఇప్పుడు ఇరుకు.

పార్టీ ‘పాతది ఇచ్చేయండి, వేరే చెక్కు ఇస్తా’ అంటే వెంటనే పాత చెక్కు చేతిలో పెట్టకూడదు. కొత్త చెక్కు సొమ్ము ఖాతాలో పడ్డాకే పాత చెక్కు, మెమో తిరిగివ్వాలి. కొంత మొత్తమే పంపితే ఆ అంకె, తేదీ, మిగిలిన మొత్తం రాసి వెంటనే రసీదు ఇవ్వాలి. మొత్తం ముట్టిందన్న అర్థం వచ్చే మాట ఆ రసీదులో రానివ్వకూడదు.

ఉత్తరం పంపిన రుజువు కూడా ఉత్తరమంత ముఖ్యం. దశాబ్దాలుగా అందరూ రిజిస్టర్డ్ పోస్టులో పంపేవారు. 2025లో తపాలా శాఖ దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేసింది, కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టు రసీదు, డెలివరీ వివరాల ప్రింటు దాచుకోవాలి. సరైన చిరునామాకు పంపిన ఉత్తరాన్ని పార్టీ తీసుకోకపోయినా అందినట్టే భావించవచ్చని 2007లో అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరిగొచ్చిన కవరును చింపకుండా, మూత తీయకుండా ఫైలులో పెట్టుకోవాలి.